సగటు బాగుంది, షుగర్ మాత్రం ఊగుతోంది: ముందు సూది వేసే చోటు తడిమి చూడండి

సమస్య

హెచ్‌బీఏ1సీ 7 వచ్చింది, చూసినవాళ్లంతా బాగుందన్నారు. కానీ మధ్యాహ్నం చెమటలు పట్టి చేతులు వణుకుతాయి, అదే రోజు రాత్రి మీటర్ 240 చూపిస్తుంది. నిన్న తిన్నదే ఇవాళా తిన్నారు, నిన్నటి డోసే వేసుకున్నారు, నిన్న 150 ఉన్న చోట ఇవాళ 58. ఇన్సులిన్ వేసుకునేవాళ్లలో ఇది చాలా తరచుగా చూస్తాను, ఈ రాత కూడా వాళ్ల కోసమే. మీటర్ వాడటం, సెన్సర్ పెట్టుకోవడం, డోసు లెక్కలు మీకు తెలుసనే అనుకుంటున్నాను.

సగటు ఇక్కడ ఏమి దాచేస్తుందో ఒక రోజు రీడింగులు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. మొదటి మనిషివి: 130, 165, 140, 175, 150, 170, 145, 157. రెండో మనిషివి: 62, 245, 110, 238, 58, 228, 96, 195. కూడి ఎనిమిదితో భాగించి చూడండి, ఇద్దరికీ సరిగ్గా 154 వస్తుంది. నెలల తరబడి సగటు అక్కడే ఉంటే ఇద్దరికీ హెచ్‌బీఏ1సీ దాదాపు 7 అనే వస్తుంది, అంటే ఆ పరీక్ష కాగితం చూసి ఎవరు ఎవరో చెప్పలేం.

చెప్పగలిగేది సీవీ. రీడింగులు సగటు నుంచి ఎంత దూరం చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగించి వందతో గుణిస్తే వచ్చే శాతం అది.

```
CV = (SD ÷ సగటు) × 100
```

మొదటి మనిషికి విచలనం 16 దాకా ఉంది, సీవీ 10 శాతం. రెండో మనిషికి విచలనం 81, సీవీ 52 శాతం. విచలనం ఒక్కటే చూస్తే సరిపోదా అంటే సరిపోదు. సగటు పెద్దదైతే విచలనం కూడా దానితోపాటు పెరుగుతుంది. విచలనం 50 అన్నది సగటు 200 ఉన్నవారికి 25 శాతమే, 120 ఉన్నవారికి మాత్రం దాదాపు 42 శాతం, పైగా వాళ్లకు కింద 70 చాలా దగ్గర్లో ఉంది. (సీవీ శాతం కాబట్టి మీ మీటర్ ఏ కొలమానంలో చూపించినా అంకె మారదు.)

36 శాతం లోపు ఉంటే నిలకడగా ఉన్నట్టు, దాటితే ఊగుతున్నట్టు అని 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం తేల్చింది. ఇన్సులిన్ వాడేవాళ్లు 33 లోపు ఉంటే ఇంకా మంచిదని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. ఈ గీత ఎందుకంటే, అది దాటినవాళ్లలో షుగర్ పడిపోవడం బాగా ఎక్కువ. సీవీ ప్రధానంగా హెచ్చరించేది దాని గురించే. కళ్లు, కిడ్నీలు దెబ్బతినడం విషయంలో సగటుదే పెద్ద పాత్ర, ఊగడం విడిగా ఎంత చేటు చేస్తుందన్నది ఇంకా వాదనలో ఉంది. పడిపోవడంలో మాత్రం వాదన లేదు. పైగా మాటిమాటికీ పడిపోతుంటే చెమట, వణుకు లాంటి హెచ్చరికలు మొద్దుబారతాయి, తర్వాతిసారి డ్రైవింగ్‌లోనో నిద్రలోనో చెప్పాపెట్టకుండా వస్తుంది. పై ఇద్దరిలో ఆ ప్రమాదం రెండో మనిషిదే.

తిరగేసి చదివేవాళ్లూ ఉన్నారు. సగటు 250, సీవీ 18 వస్తే నిలకడగా ఉందని సంతోషపడతారు. నిలకడగా ఎక్కువ ఉంది, అంతే. సీవీని ఎప్పుడూ సగటు, 70 కంటే తక్కువ ఉన్న సమయం, ఈ రెండింటి పక్కన పెట్టే చదవాలి.

ముందు అంకె నిజమేనా

రోజుకు మూడు నాలుగు సార్లు వేలు గుచ్చి చూసిన రీడింగులతో సీవీ లెక్కేయకండి, మీరు ఎప్పుడు చూశారన్నదాన్ని బట్టే అది మారిపోతుంది. నేను పైన ఎనిమిదింటితో వేసింది లెక్క చూపించడానికే. సెన్సర్ రిపోర్ట్‌లో `Glucose Variability` అన్న చోట అంకె ఉంటుంది. కనీసం 14 రోజులది, అందులోనూ 70 శాతం సమయానికి డేటా ఉన్నది చూడండి.

తర్వాత రాత్రి గీతలు చూడండి. సెన్సర్ ఉన్న చెయ్యి కింద పెట్టి పడుకుంటే అక్కడ ఒత్తిడి పడి షుగర్ ఉత్తుత్తినే తక్కువ చూపిస్తుంది. గీత ఒక్కసారిగా బావిలోకి పడ్డట్టు దిగి, ఏమీ తినకపోయినా పక్కకు తిరగ్గానే అంతే నిటారుగా లేస్తే అది దొంగ ‘లో’, నిజంగా షుగర్ పడిపోలేదు. అనుమానం వస్తే చేతులు కడుక్కుని వేలు గుచ్చి చూసుకోండి. వీటివల్ల కూడా సీవీ పెరుగుతుంది, వాటిని చూసి డోసు మార్చకూడదు.

ఒకే టైముకా, టైము లేకుండానా

రెండు వారాల గీతలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఈ ఒక్క ప్రశ్న అడగండి. ప్రతిరోజూ దాదాపు ఒకే సమయానికి ఎక్కడమో దిగడమో జరుగుతుంటే కారణం డోసులోనో, డోసుకీ తిండికీ మధ్య టైములోనో ఉంటుంది. ఎక్కువగా దొరికేది డోసు మీద డోసు. రాత్రి 8కి తిండి ఇన్సులిన్, 10కి 228 చూసి 3 యూనిట్లు, 11కి 205 చూసి "దిగట్లేదే" అని ఇంకో 3. త్వరగా పనిచేసే ఇన్సులిన్ కూడా నాలుగు గంటల దాకా పనిచేస్తూనే ఉంటుంది, కాబట్టి అన్నీ కలిసి రాత్రి 2కి పడేస్తాయి. భయంలో 15 గ్రాముల గ్లూకోజ్‌కు బదులు చేతికందినదంతా తింటారు, ఉదయం 245. ఆ 245 చూసి రాత్రి డోసు పెంచితే వలయం ఇంకా బిగుస్తుంది. ఎక్కువ కనిపించిన ప్రతిచోటా దానికి ముందు నాలుగు గంటల గీత చూస్తే ఇది దొరికిపోతుంది.

వరుస ఏమీ లేకపోతే, ఒకే తిండికి ఒకే డోసు ఒకరోజు పనిచేసి ఇంకోరోజు చేయకపోతే, ఇక డోసు లెక్కలు పక్కన పెట్టి చొక్కా ఎత్తండి.

అసలు దొంగ: సూది గడ్డలు

ఒకే చోట మళ్లీ మళ్లీ ఇన్సులిన్ వేస్తుంటే చర్మం కింద కొవ్వు పెరిగి రబ్బరు లాంటి ముద్ద కడుతుంది. డాక్టర్లు లైపోహైపర్‌ట్రఫీ అంటారు. దీని గురించి మొదటిసారి అడిగితే "అబ్బే, నాకు లేవండీ" అంటారు, తడిమితే బొడ్డు పక్కనే ఉంటుంది. స్పెయిన్‌లో 430 మందిని పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 64 శాతం మందికి ఇవి ఉన్నాయి. కారణం తెలియకుండా షుగర్ పడిపోవడం గడ్డలున్నవాళ్లలో 39 శాతం మందికి, లేనివాళ్లలో 6 శాతం మందికి కనిపించింది. ఇంత మందికి ఉండేది అరుదైన కారణమెలా అవుతుంది? అయినా మీటర్ మారుస్తారు, తిండి మారుస్తారు, ఇన్సులిన్ బ్రాండు మారుస్తారు, పొట్ట మాత్రం తడమరు.

దాగి ఉండటానికి కారణం, గడ్డ మీద గుచ్చితే నొప్పి తక్కువ. అందుకే చెయ్యి తెలియకుండానే అక్కడికే పోతుంది.

అది సగటును చెడగొట్టకుండా సీవీని ఎలా పెంచుతుందో చూడండి. కుడిచేతి వాటం మనిషి ఒకరు రోజూ బొడ్డు పక్కన ఒకే చోట 8 యూనిట్లు వేసుకుంటున్నాడనుకుందాం. గడ్డ కట్టాక ఇన్సులిన్ అందులో ఇరుక్కుని ఒకరోజు నెమ్మదిగా, ఒకరోజు సగమే రక్తంలోకి చేరుతుంది. రీడింగులు 230, 240 అవుతాయి. డోసు 10 అవుతుంది, తర్వాత 12 అవుతుంది. ఇప్పుడు ఎక్కువలు కాస్త తగ్గాయి కాబట్టి అందరూ సరేనంటారు. ఒకరోజు సూది రెండు వేళ్లు అవతల మంచి చర్మంలో పడుతుంది. ఆ 12 యూనిట్లూ పూర్తిగా పనిచేస్తాయి, రెండున్నర గంటలకు 58. మర్నాడు మళ్లీ గడ్డలోకి, మళ్లీ 238. ఎక్కువలూ తక్కువలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సగటు 154 దగ్గరే కూర్చుంటుంది. రెండో మనిషి రీడింగులు ఇలాగే పుడతాయి.

చూసుకునే తీరు. కంటికి కనపడేవి కొన్నే, కాబట్టి కంటితో చూసి వదిలేయొద్దు. వేళ్లకు సబ్బు నీళ్లు రాసుకుని, మీరు సూది వేసే ప్రతిచోటా చర్మం మీద వేళ్లను పడుకోబెట్టి మెల్లగా నొక్కుతూ జరపండి. నిలబడి ఒకసారి, పడుకుని ఒకసారి. మంచి చర్మం మీద వేళ్లు సాఫీగా పోతాయి, గడ్డ అంచు దగ్గర తట్టుకుంటాయి. తర్వాత రెండు వేళ్లతో పట్టుకుని చూస్తే మంచి చోట చర్మం పల్చగా మడత పడుతుంది, గడ్డ ఉన్నచోట మందంగా ఉండి మడత రాదు. పంపు వాడేవాళ్లు గొట్టం పెట్టే చోట్లు కూడా చూడాలి.

సరిచేసే తీరు. పెన్నుతో గడ్డ చుట్టూ గీత గీసి, ఆ లోపల వేయడం మానేయండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: పాత డోసును అలాగే మంచి చర్మంలో వేస్తే మొదటి రోజే షుగర్ పడిపోతుంది, ఎందుకంటే ఆ డోసు గడ్డకు తగ్గట్టు పెంచినది. చోటు మార్చే ముందే డాక్టర్‌తో మాట్లాడి డోసు తగ్గించుకోవాలి. సాధారణంగా 20 శాతం దగ్గర మొదలుపెడతారు, అంటే 12 ఉన్నది 9 లేదా 10 అవుతుంది. మొదటి వారమంతా మామూలు కంటే ఎక్కువసార్లు చూసుకోండి, గ్లూకోజ్ దగ్గర పెట్టుకోండి.

పొట్టను నాలుగు భాగాలుగా అనుకుని వారానికో భాగం వాడండి, ఒక గుచ్చుకీ ఇంకోదానికీ కనీసం ఒక వేలు వెడల్పు దూరం ఉంచండి. ప్రతిసారీ కొత్త సూది, వాడినదే మళ్లీ మళ్లీ వాడితే గడ్డల ముప్పు పెరుగుతుంది. ఇప్పుడు మంచి చర్మం మీద కాస్త నొప్పి తెలుస్తుంది, 4 మిల్లీమీటర్ల సూదితో అదీ తక్కువే.

గడ్డలు కరగడానికి నెలలు పడతాయి, సీవీ మాత్రం అంతకాలం ఆగదు. చోటు మార్చి డోసు కుదురుకున్నాక మొత్తం 14 రోజుల రిపోర్ట్ తీసి పాతదానితో పోల్చండి. మధ్యలో మూడో రోజుది చూసి టెన్షన్ పడొద్దు, అందులో కొత్త డోసు సర్దుబాట్లే ఎక్కువ ఉంటాయి. సీవీతోపాటు 70 కంటే తక్కువ ఉన్న సమయం 4 శాతం లోపుకు వచ్చిందా చూడండి. సగటు కాస్త పెరిగి ఇవి రెండూ తగ్గినా అది మెరుగే, సగటును తర్వాత నెమ్మదిగా దింపుకోవచ్చు.

మిగతావి

పొట్ట సాఫీగా ఉండి, డోసు మీద డోసు పడక, దొంగ లోలు తీసేశాక కూడా సీవీ 36 పైనే ఉంటే అప్పుడు మిగతావి. ఎండలోనో ఫ్రీజర్‌లోనో పడిన ఇన్సులిన్ అయితే కొత్తది తెరిస్తే తేలిపోతుంది. తిన్నది కడుపులోంచి ఆలస్యంగా దిగడం, కిడ్నీల పని తగ్గి ఇన్సులిన్ ఎక్కువసేపు నిలవడం కూడా ఉంటాయి, కానీ అవి డాక్టర్ పరీక్షలతో తేలేవి.