జలుబు తర్వాత చెవిలో హోరు: ఆవిరి పట్టకుండా ఆస్పత్రికి ఎందుకు వెళ్లాను

పెళ్లి ఊరేగింపులో డీజే పక్కన నిలబడితే చెవులు గుయ్యిమనడం నాకు అలవాటే. అది రెండు వైపులా ఉంటుంది, మోతకు దూరంగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో సద్దుమణుగుతుంది. ఈసారి అలా కాదు. జలుబు తగ్గుతుండగా ఒక ఉదయం ఎడమ చెవి మూసుకుపోయి హోరు మొదలైంది. ఫోను ఆ చెవికి పెడితే మాటలు అర్థం కాలేదు.

జలుబే అన్నారు ఇంట్లోవాళ్లు. నేను నోరు మూసుకుని ‘మ్మ్’ అని గొంతుతో రాగం తీశాను. జలుబు వల్లో గులిమి వల్లో చెవి మూసుకుపోతే ఆ శబ్దం మూసుకున్న వైపే గట్టిగా వినిపిస్తుంది. నాకు బాగున్న కుడి వైపు వినిపించింది. అంటే లోపలి చెవిని గాని, నరాన్ని గాని అనుమానించాలి. ఇంటి పరీక్షను పూర్తిగా నమ్మలేం. శబ్దం ఎటు వినిపించినా, ఒక్కసారిగా వినికిడి పడిపోతే అదే రోజు చూపించుకోవాలి.

ఈఎన్‌టీ డాక్టరు శ్రుతిదండంతో చూసి, ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయించి, నరానికి సంబంధించిన నష్టమేనని చెప్పి స్టెరాయిడ్ మాత్రలు రాశారు. ఇవి మొదటి రెండు వారాల్లోపు, వీలైనంత త్వరగా మొదలుపెడితేనే ప్రయోజనం ఎక్కువ. అయినా అందరికీ వినికిడి తిరిగి రాదు. మధుమేహం ఉన్నవారికి ఇవి చక్కెర పెంచుతాయి కాబట్టి ముందే చెప్పాలి. కణితి లేదని తేల్చుకోవడానికి ఎంఆర్ఐ కూడా తీయించారు. మూతి వంకర, మాట తడబాటు, విపరీతమైన తల తిరుగుడు తోడైతే నేరుగా అత్యవసర విభాగానికే వెళ్లమన్నారు.

నాకు వినికిడి చాలావరకు తిరిగి వచ్చింది. మిగిలిన సన్నని హోరు రాత్రి ఫ్యాను చప్పుడులో కలిసిపోతుంది.