ప్రోగ్రెస్ కార్డు ఫోటో చదవడం, 3వ పాఠం: లెక్కల్లో బి2 ఎందుకొచ్చింది?

పోయిన పాఠంలో కార్డు మీది గడులేమిటో చూశాం. మధ్య మధ్యలో పెట్టే చిన్న పరీక్షలు ఎఫ్ఏ, కొన్ని నెలల పాఠాల మీద పెట్టే పెద్ద పరీక్ష ఎస్ఏ, అంతవరకూ వచ్చాం. ఈసారి ఒకే ఒక్క కార్డు పట్టుకుని చివరిదాకా వెళ్దాం. ఏడో తరగతి అమ్మాయి కార్డు అనుకోండి. అంకెలు పాఠం కోసం నేను వేసుకున్నవే, కానీ ఇలాంటి కార్డులు ప్రతి ఇంట్లో ఉంటాయి.

ఫోటో వాట్సాప్‌లో వచ్చింది. కొంచెం వంకరగా తీశారు, లామినేషన్ మీద లైటు పడి సైన్స్ వరుసలో ఒక మచ్చ. ఎస్ఏ1 మార్కులు 80కి ఇలా ఉన్నాయి: తెలుగు 66, ఇంగ్లీషు 58, లెక్కలు 49, సైన్స్ 53 కావచ్చు లేదా 58 కావచ్చు, సోషల్ 61. కింద మొత్తం 287, శాతం 71.75.

ముందు ఆ సైన్స్ అంకె సంగతి తేల్చాలి. చాలామంది ఫోటోని ఇంకా ఇంకా పెద్దది చేసి చూస్తుంటారు, మచ్చ పెద్దదవుతుంది తప్ప అంకె కనిపించదు. దానికి బదులు కూడికతో పట్టుకోవచ్చు. కనిపిస్తున్న నాలుగూ కూడితే 66, 58, 49, 61 కలిపి 234. మొత్తం 287 అని ఉంది కాబట్టి మిగిలింది 53. మొత్తం అంకె కూడా సరిగ్గా చదివామో లేదో అనుమానమా? 287ని 400తో భాగిస్తే 71.75 శాతం, కార్డు మీద కూడా అంతే ఉంది. ఇంకా నమ్మకం కుదరకపోతే గ్రేడు చూడండి. 80కి 53 అంటే 66 శాతం పైచిలుకు, 58 అయితే 72.5. సైన్స్ పక్కన బి2 ఉంది, ఈ కార్డులో బి2 అంటే 61 నుంచి 70. కాబట్టి 53 ఖాయం.

ఇదంతా అతి జాగ్రత్త అనిపిస్తే నా కథ ఒకటి చెప్తాను. మా అక్క కూతురి కార్డు ఫోటోలో 88ని 33 అని చదివేసి, ఫోన్ చేసి ఆ పిల్లకి పావుగంట క్లాసు పీకాను. పాపం అది ఏమీ మాట్లాడలేదు, వాళ్ళమ్మే ఫోన్ లాక్కుని "ఒకసారి కళ్ళజోడు పెట్టుకుని చూడు" అంది. 3, 8 కాకుండా 1, 7 కూడా ఫోటోల్లో ఇలాగే కలిసిపోతుంటాయి. కూడిక సరిపోకపోతే ఫోటోని మామూలు చిత్రంలా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి, అప్పుడు అక్షరాలు నలగకుండా వస్తాయి. కార్డు అడుగున ఉండే గ్రేడు పట్టిక కూడా ఫోటోలో పడాలని చెప్పండి. అది లేకుండా బి2 అంటే ఎంతో ఊహించకండి, పట్టికలు బడిని బట్టి మారుతుంటాయి.

గ్రేడు గురించి ఒక మాట గుర్తుంచుకుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది. గ్రేడంటే మార్కు కాదు, మార్కులకి ఒక డబ్బా. ఈ కార్డులో 71 నుంచి 80 దాకా బి1, 81 నుంచి 90 దాకా ఏ2. 81 వచ్చినవాడు, 90 వచ్చినవాడు ఒకే డబ్బాలో ఉంటారు, 80 వచ్చినవాడు మాత్రం కిందికి పోతాడు. అందుకని "పోయినసారి ఏ2, ఈసారి బి1, పడిపోయాడు" అనేముందు అసలు మార్కులు చూడాలి, ఆ పడిపోవడం ఒక్క మార్కే కావచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ అమ్మాయికి లెక్కల్లో ఎఫ్ఏ1 20కి 18, ఎఫ్ఏ2 20కి 17, ఎస్ఏ1 80కి 49. ఇంగ్లీషులో 15, 14, తర్వాత 58. కార్డు పైపైన చూసినవాళ్ళు ఎఫ్ఏ వరుస చూసి ఇంగ్లీషే వీక్ అంటారు. అన్నిటినీ శాతంలోకి మార్చి చూడండి. ఇంగ్లీషు 75, 70, 72.5, అంటే ఉన్నచోటే ఉంది. లెక్కలు 90, 85, ఆ తర్వాత ఒక్కసారిగా 61, అంటే బి2. పిల్ల తెలివితేటలు మూడు నెలల్లో మారిపోవు కదా, అందుకే ఇలాంటి దిగుడు కనిపిస్తే ఆ మధ్యలో ఏం జరిగిందని వెతకాలి.

వెతికేచోట్లు రెండు. ఒకటి, ఆ 20 మార్కులు దేనికిచ్చారన్నది. చాలా బడుల్లో ఎఫ్ఏ మార్కుల్లో నోట్సు, ప్రాజెక్టు, క్లాసులో నోటితో చెప్పినవి కూడా కలిసి ఉంటాయి, రాత పరీక్ష అందులో ఒక ముక్క మాత్రమే. నోట్సు శుభ్రంగా రాసే పిల్లకి అక్కడ మార్కులు బాగానే పడతాయి, పెద్ద పరీక్షకి వచ్చేసరికి ఆ ఆసరా ఉండదు. అంటే 18 అన్నది కూడా మనం అనుకున్నంత 18 కాకపోవచ్చు. టీచర్ని అడిగితే ఒక్క వాక్యంలో చెప్పేస్తారు.

రెండోది హాజరు. మార్కులు చూసి కార్డు మూసేస్తాం కాబట్టి ఈ వరుసని ఎవరూ చదవరు, నాకైతే కార్డులో అన్నిటికన్నా ఎక్కువ కబుర్లు చెప్పేది ఇదే. ఈ అమ్మాయికి మొత్తం మీద 118 పని దినాల్లో 97 రోజులు. 82 శాతం, పెద్ద గొడవేం లేదనిపిస్తుంది. నెలవారీగా చూస్తే ఆగస్టులో 22 రోజులకి 9 రోజులే వెళ్ళింది, జ్వరం. మానిన 21 రోజుల్లో 13 ఒక్క నెలలోనే ఉన్నాయన్నమాట. ఆ నెలలో లెక్కల్లో ఏ పాఠం చెప్పారో క్లాసులో ఇంకో పిల్ల నోట్సు చూస్తే తెలిసిపోతుంది: సామాన్య సమీకరణాలు.

(పక్కమాట: మార్కుల గడిలో ఏబీ అని ఉంటే ఆ పరీక్షకి రాలేదని, సున్నా వచ్చిందని కాదు. మొత్తంలో దాన్ని సున్నాగా కలిపారా, వదిలేశారా అన్నది మళ్ళీ కూడికతోనే తెలుస్తుంది.)

ఇక రిమార్కు. కార్డు అడుగున "కేర్‌లెస్. కెన్ డూ బెటర్" అని ఉంది. ఈ రెండు ముక్కలకే ఇళ్ళల్లో ఎంత యుద్ధం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. కానీ రాసిందెవరో చూడండి. సాధారణంగా రిమార్కు రాసేది క్లాస్ టీచరు, లెక్కల టీచరు వేరే కావచ్చు, నలభై కార్డులు ఒకే సాయంత్రం ముందేసుకుని రాసి ఉండొచ్చు. దాన్ని తీర్పులా కాకుండా ఒక అనుమానంలా తీసుకుని, నిజమో కాదో జవాబు పత్రం తెప్పించి చూడండి.

పత్రం ముందు పెట్టుకుని పోయిన ప్రతి మార్కునీ మూడు కుప్పల్లో వేయండి: తెలియక పోయినవి, తెలిసీ టైం చాలక పోయినవి, తెలిసి రాసి తప్పు చేసినవి. ఏ కుప్పలో వేయాలో మీకు మీరు తేల్చకండి, పిల్లనే అడగండి. ఈ అమ్మాయికి పోయిన మార్కులు 31. సమీకరణాల ప్రశ్నలు ఖాళీగా వదిలేసినందుకు 14, చివరి ప్రశ్నలకి వెళ్ళేసరికి బెల్ కొట్టినందుకు 9, కూడికలు, గుర్తులు తప్పేసినందుకు 8. కేర్‌లెస్ అన్న మాట ఆ ఎనిమిదింటికే వర్తిస్తుంది. మిగతా 23 మార్కులకి "జాగ్రత్తగా రాయవే" అని వెయ్యిసార్లు చెప్పినా ఏమీ జరగదు.

కాబట్టి సాయం 14 దగ్గర మొదలెట్టాలి. ట్యూషన్ పెట్టేముందు ఒక చిన్న లెక్క ఇచ్చి, నోటితో చెప్తూ చేయమనండి, మధ్యలో ఆపకండి. ఉదాహరణకి 3x + 5 = 20. ఆ అమ్మాయి ఇలా చేసింది: "5ని అటు పంపితే మైనస్ అవుతుంది, 20లోంచి 5 తీస్తే 15, అంటే 3x = 15. ఇప్పుడు 3ని కూడా అటు పంపితే మైనస్, 15లోంచి 3 తీస్తే 12." మొదటి అడుగు కరెక్టే, రెండోది తప్పు. జాగ్రత్త లేక వచ్చిన తప్పు కాదిది. "అటు పంపితే గుర్తు మారుతుంది" అన్న సూత్రం ఎవరి దగ్గరో విని అన్నిచోట్లా వాడేస్తోంది, ఎందుకు మారుతుందో చెప్పిన రోజు తను క్లాసులో లేదు. 3x అంటే మూడుసార్లు x అని, దాన్ని విప్పాలంటే రెండు వైపులా 3తో భాగించాలని చూపిస్తే చాలు. వచ్చిన 12ని మళ్ళీ లెక్కలో పెట్టి చూడమనండి: మూడు పన్నెండ్లు 36, ఇంకో 5 కలిపితే 41, 20 రాలేదు. తప్పని మీరు చెప్పనక్కర్లేదు, లెక్కే చెప్తుంది. ఆ తర్వాత 5 పెట్టి చూస్తే సరిపోతుంది, ఆ మొహం చూడాలి మీరు.

ఆ ఒక్క పాఠానికి రోజుకి ఇరవై నిమిషాలు, వారానికి నాలుగు రోజులు, రెండు వారాలు ఇవ్వండి. పుస్తకంలో చేసి చూపించిన లెక్కని చదివించి, మూసేసి, అదే లెక్క చేయించండి, తర్వాత అంకెలు మార్చి ఇవ్వండి. రెండు వారాలయ్యాక పరీక్షలో ఖాళీగా వదిలిన ప్రశ్నలే మళ్ళీ ఇవ్వండి. 14లో పదో పదకొండో వస్తే దారిలో పడ్డట్టు. అసలేం రాకపోతే లోపం ఇంకా కిందుంది, భిన్నాల్లోనో రుణ సంఖ్యల్లోనో, అక్కడికి దిగాలి.

టైం చాలని 9 మార్కులకి వేరే మందు. పరీక్ష రెండున్నర గంటలైతే 150 నిమిషాలు, చదువుకోవడానికి, చివర్లో సరిచూసుకోవడానికి పది తీసేస్తే 140. 80 మార్కులకి పంచితే మార్కుకి ఒకటిముప్పావు నిమిషం, అంటే నాలుగు మార్కుల ప్రశ్నకి ఏడు నిమిషాలు. గడియారం పెట్టుకుని ఇంట్లో రెండు ప్రశ్నలు చేయిస్తే ఎక్కడ ఆగిపోతోందో కనిపిస్తుంది. మిగిలిన 8 సంగతి ఇప్పుడే పట్టించుకోకండి, అన్నీ ఒకేసారి మొదలెడితే పిల్ల దేన్నీ పట్టదు.

టీచర్‌కి మెసేజ్ పెట్టేటప్పుడు "మా అమ్మాయి ఎలా చదువుతోందండీ" అని అడిగితే "బాగానే ఉందండీ, కొంచెం శ్రద్ధ పెట్టాలి" అన్న జవాబే వస్తుంది. ఇలా రాయండి: "నమస్తే మేడం, ఆగస్టులో 13 రోజులు రాలేదు, సమీకరణాల్లో 14 మార్కులు పోయాయి. ఇంట్లో చేయిస్తున్నాం. ఈ పాఠంలో ముందు ఏ అభ్యాసం చేయిస్తే మంచిదంటారు?" దీనికి రెండు నిమిషాల్లో జవాబివ్వొచ్చు, అందుకే ఇస్తారు.

ఈ వారం పని: మీ దగ్గరున్న కార్డు ఫోటో తీసి కూడిక సరిచూడండి, ఒకే సబ్జెక్టుని మూడు పరీక్షల్లోనూ శాతంలోకి మార్చండి, హాజరు నెలవారీగా పక్కన రాసుకోండి. నాలుగో పాఠంలో మార్కులే లేకుండా గ్రేడులూ బొమ్మలూ మాత్రమే ఉండే చిన్న తరగతుల కార్డు చూద్దాం, అక్కడ ఈ కూడిక పనికిరాదు.