షేవింగ్ తర్వాత మెడ మీద కురుపులు: సమస్య, కారణం, పరిష్కారం

దవడ కింద, కంఠం పక్కన ఆవగింజంత కురుపులు. నొక్కితే నొప్పి, చెమట పడితే మంట, కాలర్ రాసుకుంటే దురద. బుగ్గలు మాత్రం దాదాపు శుభ్రంగానే ఉంటాయి. గుంటూరు కొత్తపేటలో మందుల షాపు నడుపుతున్నాను కాబట్టి ఈ బాధ రోజూ చూస్తుంటాను. వచ్చే కుర్రాళ్లలో ఎక్కువమందిది బిరుసైన ఉంగరాల జుట్టు. అందరూ అడిగేది ఒకటే: "అన్నా, మొటిమలకి మంచి క్రీమ్ ఏదైనా ఇవ్వు." కానీ వాటిలో చాలావరకు మొటిమలు కావు. గీసిన వెంట్రుక తిరిగి చర్మంలోకే గుచ్చుకోవడం వల్ల వచ్చిన కురుపులు. వాటికి మందుకంటే ముందు మార్చాల్సింది గడ్డం గీసే పద్ధతి.

ముందు అవేమిటో తేల్చుకోండి

ఎప్పుడు వచ్చాయో గుర్తు తెచ్చుకుంటే సగం తెలిసిపోతుంది. రేజరు పెట్టిన కాసేపటికే చర్మం ఎర్రబడి భగ్గుమని, ఒకటి రెండు రోజుల్లో తనంతట తానే చల్లారితే అది ఒట్టి రేజరు మంట. అరిగిన బ్లేడు, సరిగా నానని గడ్డం, ఆ పైన ఆల్కహాల్ ఉన్న ఆఫ్టర్‌షేవ్, వీటిలో ఏదో ఒకటి కారణం. బ్లేడు మార్చి, ఆఫ్టర్‌షేవ్ మానేస్తే సరిపోతుంది.

గీసుకున్న మర్నాడో, రెండో మూడో రోజో గట్టి కురుపులు లేస్తే అవే మనం మాట్లాడుకుంటున్నవి. రేజరు తగలని చోట కూడా వెంట్రుక మొదట్లో చీము పొక్కులు పుట్టి వ్యాపిస్తుంటే అది బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ కావచ్చు. ఒక పక్కే గుండ్రంగా అంచు కట్టి, పొట్టు రాలుతూ విపరీతంగా దురద పెడితే తామర అని అనుమానించాలి. ఈ రెండూ డాక్టరు చూడాల్సినవే.

ఇంకా అనుమానంగా ఉంటే నేనొక ప్రశ్న అడుగుతాను. "ఎప్పుడైనా మాల వేసుకున్నావా?" అయ్యప్ప మాలో భవానీ మాలో వేసుకుని నలభై రోజులు గడ్డం ముట్టుకోనప్పుడు కురుపులన్నీ అణిగిపోయి, దీక్ష అయ్యాక నున్నగా గీయించుకున్న వారంలోనే మళ్లీ వచ్చాయంటే ఇక పరీక్ష అక్కర్లేదు. మొటిమలకు గడ్డం పెంచామా గీశామా అన్న లెక్క ఉండదు. ఈ కురుపులకు ఉంటుంది.

ఎందుకొస్తాయి

ఉంగరాల జుట్టు వంపు చర్మం లోపలే మొదలవుతుంది. వెంట్రుక కుదురే వంపుగా ఉంటుంది కాబట్టి అందులోంచి వచ్చే వెంట్రుక కూడా వంపు తిరిగే వస్తుంది. రేజరు దాన్ని ఏటవాలుగా కోస్తుంది, కొస మొనదేలుతుంది. బిరుసు వెంట్రుక కావడంతో ఆ మొన చర్మాన్ని చీల్చగలిగేంత గట్టిగా ఉంటుంది. కాస్త పెరగ్గానే వంపు తిరిగి, బయటికొచ్చిన చోటికి ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో మళ్లీ చర్మంలోకి దిగుతుంది. ఒళ్లు దాన్ని బయటి నుంచి దిగిన ముల్లుగానే లెక్కేస్తుంది. అక్కడ వాపు, ఎరుపు, కొన్నిసార్లు చీము.

రెండో దారి ఇంకా ఇబ్బందిది. రెండు మూడు బ్లేళ్లున్న రేజర్లలో ముందు బ్లేడు వెంట్రుకను కొంచెం పైకి లాగుతుంది, వెనకది దాన్ని కోస్తుంది. కోసిన వెంట్రుక వెనక్కి జారి చర్మం మట్టానికి కిందకి పోతుంది. చేత్తో చర్మాన్ని సాగదీసి గీసినా, వెంట్రుక వాలుకు ఎదురు గీసినా జరిగేది ఇదే. నిమిరితే వెన్నలా ఉంటుంది. కానీ లోపల పెరిగే మొన బయటికి దారి దొరక్క పక్క గోడనే పొడుచుకుంటూ పోతుంది. ఎంత నున్నగా గీస్తే అంత ఎక్కువ కురుపులు రావడానికి కారణం ఇదే. మెడ మీద వెంట్రుకలు తలో దిక్కుకూ తిరిగి ఉండటం, అక్కడ చర్మం వదులుగా ఉండి సాగదీయాలనిపించడం వల్ల దెబ్బంతా మెడ మీదే పడుతుంది.

ఒక కేసు, మొదటి నుంచి

మా మేనల్లుడు విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షోరూమ్‌లో సేల్స్‌లో ఉన్నాడు. రోజూ నున్నటి గడ్డంతో రావాలని అక్కడ రూలు. మెడంతా కురుపులతో ఒక ఆదివారం ఇంటికొచ్చి జేబులోంచి ఒక ట్యూబు తీశాడు.

"మామయ్యా, ఇది రాసినన్నాళ్లు బాగుంటోంది. ఆపితే ముందుకన్నా ఎక్కువొస్తున్నాయి."

ట్యూబు మీద చదివితే బెటామెథాసోన్, దాంతోపాటు ఒక యాంటీబయాటిక్, ఒక యాంటీఫంగల్. స్నేహితుడు వాడుతుంటే చూసి కొన్నాడు. బెటామెథాసోన్ బలమైన స్టెరాయిడ్. వాపును అణచిపెడుతుంది కానీ లోపల గుచ్చుకున్న వెంట్రుకను ఏమీ చేయదు. ఆపగానే వాపు తిరిగొస్తుంది. ముఖం మీద ఎక్కువకాలం రాస్తే చర్మం పల్చబడి ఎర్రటి సన్న నరాలు తేలతాయి, నిజంగానే మొటిమలు పుడతాయి. తామర ఉన్నవాడు రాస్తే అది లోలోపల పాకిపోతుంది. మావాడు కొద్ది వారాలే వాడాడు కనుక ఆపేయమన్నాను. నెలల తరబడి వాడినవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగే ఆపాలి, ఒక్కసారిగా మానేస్తే చర్మం భగ్గుమంటుంది.

టార్చి వేసి భూతద్దంతో చూస్తే ఒక కురుపు మీద పల్చటి పొర, దాని కింద సన్నటి నల్లని గీత కనిపించింది. ఒంపు తిరిగిన వెంట్రుక, రెండు కొసలూ చర్మం లోపలే. ఇక వేరే నిర్ధారణ అవసరం లేదు.

మొదటి పని రేజరు ఆపడం. నాలుగు వారాలు. స్కిన్ డాక్టర్ రాసిచ్చిన కాగితం చూపిస్తే షోరూమ్ మేనేజరు కాదనలేదు. ట్రిమ్మర్‌కు 3 మిల్లీమీటర్ల దువ్వెన పెట్టి సాపు చేసుకోమన్నాం. మొదటి వారం తగ్గకపోగా కొత్తవి లేచాయి. అంతకుముందు కోసిన వెంట్రుకలు అప్పుడే పెరిగి గుచ్చుకుంటాయి కాబట్టి ఇది మామూలే. చాలామంది టెన్షన్ పడి మళ్లీ రేజరు పట్టేది సరిగ్గా ఇక్కడే. ఇది దాటితే వెంట్రుక పొడుగయ్యే కొద్దీ తన బిగువుకు తానే బయటికి లేస్తుంది.

రోజుకు రెండు మూడుసార్లు గోరువెచ్చని నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డ పది నిమిషాలు కాపడం పెట్టుకున్నాడు. కాపడం తర్వాత ఒంపు స్పష్టంగా పైకి కనబడుతున్న చోట మాత్రమే, స్పిరిట్‌తో తుడిచిన సూదితో ఆ ఒంపును పైకి లేపి కొస వదిలించాలి. తవ్వకూడదు, పీకకూడదు. పీకితే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది కానీ కింద నుంచి వచ్చే కొత్త వెంట్రుక మళ్లీ అదే లోతులో గోడను పొడుస్తుంది. ఎర్రదనానికి డాక్టరు 1 శాతం హైడ్రోకార్టిసోన్ కొద్ది రోజులకే, చీము ఉన్న వాటికి క్లిండామైసిన్ రాశారు.

కురుపులు అణిగాక రెండో పని, మెడ మీద వెంట్రుక వాలు చూసుకోవడం. మూడు రోజుల గడ్డం మీద వేలితో నాలుగు దిక్కులా నిమరాలి. నున్నగా జారినవైపు వాలు, గరుకుగా తగిలినవైపు ఎదురు. మావాడికి కంఠం కింద వెంట్రుక పైకి పెరుగుతోంది, ఎడమ పక్కన చెవి వైపు అడ్డంగా పోతోంది. మెడంతా పైనుంచి కిందకి గీస్తూ అదే వాలనుకున్నాడు. కురుపులు ఎక్కువగా ఉన్న ఆ రెండు చోట్లా వాలు వెంట కాకుండా, కంఠం కింద ఎదురు, ఎడమ పక్కన అడ్డం గీస్తున్నాడన్నమాట.

ఇప్పుడు బుగ్గలకు రేజరు వాడతాడు, మెడకు మాత్రం ట్రిమ్మర్, 1 మిల్లీమీటరు వదిలి. కౌంటరు అవతల నిలబడ్డవాళ్లకు ఆ తేడా కనబడదు.

రేజరే కావాలంటే

ఒకే బ్లేడు ఉన్న సేఫ్టీ రేజరు తీసుకోండి. స్నానం అయ్యాక గీసుకోండి. నురగ పట్టించి రెండు మూడు నిమిషాలు వదిలేస్తే బిరుసు వెంట్రుక నానుతుంది. మన దగ్గర బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ నిలవదు. అలాంటి చోట షేవింగ్ జెల్ నయం. చర్మాన్ని సాగదీయకుండా, రేజరు బరువు చాలు అన్నట్టు, వాలు వెంట పొట్టి గీతలు గీయండి. గీసిన చోటే రెండోసారి గీయకండి. ఐదారు షేవింగ్‌లకు బ్లేడు మార్చండి, లాగుతున్నట్టు అనిపిస్తే అంతకు ముందే మార్చండి.

సెలూన్లో ఇబ్బంది ఎక్కువగా రెండో చుట్టులో వస్తుంది. మొదట వాలు వెంట గీసి, మళ్లీ నురగ రాసి, బొటనవేలితో మెడ చర్మం పైకి లాగి ఎదురు గీస్తారు. నున్నగా రావాలని శ్రద్ధగా చేసే పనే అది. కూర్చోగానే "బాబాయ్, ఒక్క చుట్టు చాలు, మెడ మీద ఎదురు వద్దు" అని చెప్పేయండి. కొత్త బ్లేడు మీ కళ్ల ముందే వేయించుకోండి. చివర్లో రుద్దే పటిక చిన్న గాటు పడి రక్తం వస్తే ఆపుతుంది. అంతకుమించి ఈ కురుపులకు పనికిరాదు, మెడంతా రుద్దితే చర్మం ఎండి మంటెక్కుతుంది.

గీసిన తర్వాత

చల్లటి నీళ్లలో ముంచిన గుడ్డ ఐదు నిమిషాలు అద్ది ఉంచండి. రుద్దకుండా ఒత్తి తుడిచి, వాసన లేని పల్చటి మాయిశ్చరైజర్ రాయండి. సెంటు, ఆఫ్టర్‌షేవ్ ఆ రోజు మెడకు తగలనివ్వకండి. గీసిన వెంటనే హెల్మెట్ పట్టీ బిగించి బయల్దేరితే ఎండలో, చెమటలో ఆ పట్టీ రాసుకునేది సరిగ్గా కురుపుల మీదే. అందుకే ఉదయం కంటే రాత్రి గీసుకోవడం మేలు.

మళ్లీ రాకుండా డాక్టర్లు 0.1 శాతం అడాపలీన్ జెల్ రాస్తుంటారు. వెంట్రుక బయటికొచ్చే దారి మూసుకుపోకుండా చూస్తుంది. బఠాణీ గింజంత తీసుకుని మెడంతటికీ పల్చగా, మొదట్లో రోజు విడిచి రోజు రాత్రి, గీసుకున్న రాత్రి వదిలేసి రాయాలి. ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నల్ల మచ్చలు మన చర్మానికి నెలల తరబడి ఉంటాయి. గోళ్లతో గిల్లకుండా, పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాస్తే అవి త్వరగా పలచబడతాయి. తెల్లబరిచే క్రీముల్లో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు, మచ్చల కోసం వాటి జోలికి పోకండి.

చీము ఎక్కువై జ్వరం వచ్చినా, కురుపు మానాక ఆ చోట గట్టిగా ఉబ్బి పెరుగుతున్నా, రేజరు ఆపి ఆరు వారాలైనా తగ్గకపోయినా స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఉద్యోగరీత్యా రోజూ గీయక తప్పనివాళ్లకు లేజర్‌తో వెంట్రుకలే పల్చబరచడం ఒక దారి. చామనఛాయ, నలుపు చర్మాలకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ సురక్షితమైనది. దీనికి కొన్ని వారాల ఎడంతో చాలా సిట్టింగులు కావాలి, ఆ తర్వాత గడ్డం మునుపటంత ఒత్తుగా రాదు. గడ్డం పెంచాలన్న కోరిక ఎప్పటికైనా ఉంటే మెడ వరకే చేయించుకోండి.