థీసిస్ ఇచ్చేముందు రిఫరెన్స్ లిస్టులో రికార్డింగుల ఎంట్రీలు ఒకసారి చూసుకోండి

సబ్మిషన్ దగ్గరపడింది. బాఖ్ గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్, పియానోపై గ్లెన్ గూల్డ్ ఉదాహరణగా చెప్తాను.

– ముందు, ఏ రికార్డింగో తేల్చుకోండి. గూల్డ్ దీన్ని 1955లో ఒకసారి, 1981లో మళ్లీ రికార్డు చేశాడు. మొదటిది సుమారు 38 నిమిషాలు, రెండోది 51. వేగం గురించి మూడు పేజీలు రాసి రెండో రికార్డింగ్‌కి బదులు మొదటిది చూపిస్తే ఆ వాదన మొత్తం పోయినట్టే.

– రెండు తేదీలూ రాయండి. వాయించింది 1955 జూన్‌లో, విడుదలైంది 1956లో. స్ట్రీమింగ్ యాప్‌లో కనిపించేది చాలాసార్లు రీఇష్యూ ఏడాది, దాన్ని నమ్మొద్దు.

– కేటలాగ్ నంబర్ మీరు విన్న కాపీదే ఉండాలి. తొలి ఎల్‌పీది కొలంబియా ML 5060. సీడీ విని ఇది రాస్తే అబద్ధమే.

– లైనర్ నోట్స్‌కి వేరే ఎంట్రీ, రాసినవారి పేరుతో. ఈ ఎల్‌పీకి గూల్డే రాసుకున్నాడు. చాలా ఆల్బమ్‌లకు రాసేది ఇంకొకరు.

– స్కోర్‌కి ఎడిటర్ పేరు తప్పనిసరి (ఉదా: రాల్ఫ్ కిర్క్‌పాట్రిక్, షిర్మర్, 1938). వేళ్ల గుర్తులు బాఖ్‌వి కావు, ఎడిటర్‌వి. పేజీ కాదు, వేరియేషన్, బార్ నంబర్లు ఇవ్వండి, ఎడిషన్ మారినా దొరుకుతుంది.