గోడ పక్కనే టైల్స్ దిగిపోతే మేం చేసిన రిపేరు

తిరుచానూరులో మా అక్కవాళ్ల హాల్లో గోడ వెంబడే టైల్స్ దిగి, స్కర్టింగ్ కింద వేలు దూరేంత సందు వచ్చింది, తడితే డొల్ల శబ్దం. గోడకు మాత్రం బీట లేదు, అంటే పునాది బాగుంది, పునాది కోసం తవ్విన కందకంలో గోడ పక్కన పూడ్చిన మట్టే కుంగింది. తవ్వితే అదే: మూడడుగుల మట్టి ఒకేసారి పోసి పైన నీళ్లు పట్టారు, పైపొర గట్టిగా ఉంది, అడుగున గడ్డలు, వాటి మధ్య ఖాళీలు.

మొత్తం తీసేసి, గ్రావెల్‌ను ఆరేసి అంగుళాల పొరలుగా పరిచి, ఒక్కో పొరనూ దిమ్మిసతో కొట్టించాం. తడి ముఖ్యం. పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, చేతికి నీరు అంటకూడదు. పొడిగా ఉంటే రేణువులు సర్దుకోవు, బురదైతే దెబ్బకు పక్కకు జారుతుంది.