రెండు క్యాప్షన్లు పెట్టి చూశారు, తప్పు క్యాప్షన్ గెలిచింది: ఎక్కడ తేడా కొట్టింది?

చిన్న వ్యాపారాల ఇన్‌స్టాగ్రామ్ పేజీలు చూసుకోవడం నా పని. "క్యాప్షన్ ఎ కంటే బి బాగా ఆడింది, ఇక అన్నీ బి లాగే రాద్దాం" అన్న మాట నెలకు రెండు మూడు సార్లైనా వింటాను. అంకెలు తెప్పించుకుని చూస్తే చాలాసార్లు అక్కడ గెలుపూ ఉండదు, ఓటమీ ఉండదు. ఇన్‌సైట్స్ తెరవడం, ఎంగేజ్‌మెంట్ రేటు లెక్కగట్టడం మీకు వచ్చనుకుని రాస్తున్నాను.

లక్షణం: రెండు క్యాప్షన్లకూ దాదాపు ఒకే ఫలితం

ముందు పోస్టును మామూలుగా ఫీడ్‌లో తెరిచి చూడండి. క్యాప్షన్‌లో మొదటి ఒకటి రెండు లైన్లే కనిపిస్తాయి, మిగతాది `more` వెనక దాక్కుంటుంది. రీల్‌లో కనిపించేది ఇంకా తక్కువ. మీరు ఎంతో ఆలోచించి మార్చిన వాక్యం నాలుగో లైన్‌లో ఉంటే చాలామంది ఆ తేడాను చూడనే లేదు. ఒకే క్యాప్షన్‌ను రెండుసార్లు పెట్టినట్టే అయింది. పరిష్కారం ఒకటే, తేడాను మొదటి లైన్‌లోకి తెచ్చి మళ్లీ పెట్టండి. పది సెకన్లు పట్టని ఈ చెక్‌ను వదిలేసి అల్గారిదమ్‌ను తిట్టేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది.

ఫోటో, వారంలో పోస్టు చేసిన రోజు, సమయం కూడా ఒకటేనా చూడండి. మంగళవారం సాయంత్రం ఏడింటి పోస్టును ఆదివారం మధ్యాహ్నం పోస్టుతో పోలిస్తే మీరు పరీక్షించింది క్యాప్షన్‌ను కాదు, ఆదివారాన్ని.

లక్షణం: రీచ్ పెరిగింది, ఎంగేజ్‌మెంట్ రేటు మాత్రం పడిపోయింది

నన్ను ముంచింది ఇదే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పచ్చళ్లు అమ్మే ఒక అక్క పేజీలో వేసవి మొదట్లో ఆవకాయ మీద రెండు పోస్టులు పెట్టాం. జాడీ ఒకటే, వెలుతురు ఒకటే, రెండు వరుస మంగళవారాలు, సాయంత్రం ఏడు గంటలు. మొదటి క్యాప్షన్ "కొత్త ఆవకాయ సిద్ధం, కిలో ధర ఇదీ". రెండోది "మీ ఇంట్లో ఆవకాయకు వెల్లుల్లి వేస్తారా, వేయరా?" మొదటి పోస్టు 2,000 మందికి చేరింది, 136 స్పందనలు వచ్చాయి. అంటే 6.8 శాతం. రెండోది 5,000 మందికి చేరింది, 219 స్పందనలు. 4.4 శాతం.

"తమ్ముడూ, ఈ ప్రశ్నలు మనకొద్దులే, ధర పెట్టేద్దాం" అంది అక్క. నేనూ సరేనన్నాను. దాదాపు రెండు నెలలు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

తర్వాత వేరే పని మీద ఇన్‌సైట్స్‌లో `Followers`, `Non-followers` విడివిడిగా చూస్తుంటే అసలు సంగతి బయటపడింది. మొదటి పోస్టు చూసినవాళ్లలో 1,600 మంది ఫాలోవర్లు, 400 మంది బయటివాళ్లు. రెండో పోస్టుకు ఫాలోవర్లు 1,500, బయటివాళ్లు 3,500. ఫాలోవర్లలో మొదటి క్యాప్షన్‌కు 128 స్పందనలు, అంటే 8 శాతం. రెండోదానికి 135, అంటే 9 శాతం. బయటివాళ్లలో మొదటిదానికి 8, అంటే 2 శాతం. రెండోదానికి 84, అంటే 2.4 శాతం.

ఇంకోసారి చదవండి. ఫాలోవర్లలోనూ, బయటివాళ్లలోనూ ప్రశ్నదే పైచేయి. రెండూ కలిపితే మాత్రం ఓడిపోయింది. కిటుకు ఎక్కడుందంటే, పేజీ పేరు కూడా తెలియని మనిషి ఏ పోస్టుకైనా తక్కువే స్పందిస్తాడు. రెండో పోస్టు అలాంటివాళ్లకు ఎక్కువమందికి వెళ్లింది కాబట్టి సగటు కిందికి జారింది. క్యాప్షన్ చెడ్డదై కాదు, చూసిన జనం మారారు. గణాంకాల్లో దీన్ని సింప్సన్ పారడాక్స్ అంటారు.

దీనికి వ్యతిరేకంగానూ జరుగుతుంది. బయటికి అసలు వెళ్లని పోస్టును ఫాలోవర్లే చూస్తారు కాబట్టి దాని రేటు మిలమిల మెరుస్తుంది. దాన్ని హిట్ అనుకుని సంబరపడతాం.

కాబట్టి మొత్తం రేటు చూడకండి. ఫాలోవర్ల రేటును ఫాలోవర్ల రేటుతో, బయటివాళ్లది బయటివాళ్లతో పోల్చండి. ఈ విభజన కొన్ని చోట్ల వ్యూస్ కింద, కొన్ని చోట్ల రీచ్ కింద కనిపిస్తుంది. ఏది తీసుకున్నా రెండు పోస్టులకూ అదే తీసుకోండి, పోస్టు పెట్టాక అన్నే రోజులకు చూడండి. వారం నాటి పోస్టును నిన్నటి పోస్టు పక్కన పెట్టకూడదు.

లక్షణం: విడదీశాక కూడా ఒకటి ముందుంది

నేను రెండోసారి పప్పులో కాలేసింది ఇక్కడే. విడదీసి చూడగానే "అక్కా, ప్రశ్నే గెలిచింది" అని ఫోన్ చేశాను. అదీ తొందరపాటే.

శాతాలను పక్కన పెట్టి స్పందనల సంఖ్య చూడండి. ముందు రెండింటినీ ఒకే రీచ్‌కు తేవాలి. 1,600 మందికి 128 అంటే 1,500 మందికి 120. అవతల 135. తేడా 15. ఇప్పుడు రెండూ కలపండి, 255. దాని వర్గమూలం దాదాపు 16, దానికి రెట్టింపు 32. తేడా ఈ 32 దాటితేనే పట్టించుకోవాలి. 15 అంటే అదే క్యాప్షన్ రెండుసార్లు పెట్టినా రాగల ఊగిసలాట. ఒకే మనిషి లైకూ కొట్టి సేవ్ కూడా చేస్తే రెండుగా లెక్కపడతాయి కాబట్టి అసలు ఊగిసలాట ఇంతకంటే కాస్త ఎక్కువే. బయటివాళ్ల వైపు 8 స్పందనలతో ఏదీ తేలదు.

8 శాతానికీ 9 శాతానికీ మధ్య తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో క్యాప్షన్‌కు సుమారు 12 వేల మంది ఫాలోవర్ల చూపు కావాలి. అక్క పేజీకి అది ఒక్కోవైపు ఎనిమిది పోస్టులు. అదే 8కీ 12కీ మధ్య తేడా అయితే ఒక్కోవైపు వెయ్యి మంది సరిపోతారు. చిన్న పేజీలో పెద్ద తేడాలను వెతకండి. "సిద్ధం", "రెడీ" లాంటి మాటల మార్పును పరీక్షించడం దండగ.

ఇప్పుడు నేను చేసేది ఇది. ఒకేలాంటి పోస్టులను జతలుగా వేసుకుంటాను. ప్రతి జతలో దేనికి ఏ క్యాప్షనో నాణెం ఎగరేసి నిర్ణయిస్తాను, నా చేతికి వదిలితే మంచి ఫోటోకు నాకు నచ్చిన క్యాప్షనే వెళ్తుంది. జతలన్నీ అయ్యేదాకా తీర్పు చెప్పను. మొదలుపెట్టే ముందు ఒక జతకు రెండువైపులా ఒకే తరహా క్యాప్షన్ పెడతాను. ఏమీ మార్చకుండానే ఆ పేజీలో అంకెలు ఎంత ఊగుతాయో అప్పుడు ఓ అంచనా వస్తుంది.

డబ్బు పెట్టి ప్రకటనలు నడిపేవాళ్లు మెటా యాడ్స్ మేనేజర్‌లోని `A/B test` వాడండి, అది జనాన్ని కలవకుండా రెండు గుంపులు చేస్తుంది. ఒకే యాడ్ సెట్‌లో రెండు ప్రకటనలు పడేస్తే అది పరీక్ష కాదు, సిస్టమ్ తనకు నచ్చినదానికే ఎక్కువ ఖర్చు పెడుతుంది.

అరుదైనవి

దొంగ ఖాతాల లైకులు, ఇన్‌సైట్స్ ఆలస్యంగా అప్‌డేట్ కావడం, ఎవరో పెద్ద పేజీవాళ్లు షేర్ చేయడం. ఉంటాయి, కానీ తక్కువ. షేర్ వల్ల ఉబ్బిన పోస్టు ఉంటే దాని జతతో సహా తీసేయండి. షాడో బ్యాన్ అనుమానం ఉంటే పైవన్నీ చూశాక రండి, మాట్లాడదాం.