మొలారిటీ విలీనం లెక్కను మోల్‌లతో సరిచూడడం ఎలా?

గాఢ ద్రావణానికి నీరు కలిపినప్పుడు కొత్త మొలారిటీ ఎంతో కట్టడం రెండు నిమిషాల పని. కట్టినది సరైనదో కాదో చూసుకోవడానికి ఇంకొక్క నిమిషం చాలు. ఎక్కువమంది తప్పు చేసేది ఆ ఒక్క నిమిషంలోనే. సరిచూడడం మానేసి కాదు. చక్కగా సరిచూసి, రెండు వైపులా మోల్‌లు సమానంగా వచ్చాయని పక్కన గుర్తు పెట్టి, తప్పు జవాబునే ఇస్తారు. ఏళ్లుగా ఈ లెక్కలు దిద్దుతున్నాను, ఈ ద్రావణాలు నా చేత్తో తయారు చేస్తున్నాను. ఇంతగా విసిగించిన తప్పు నాకు మరొకటి లేదు. అందుకే తేలికైన మెట్లు త్వరగా దాటేసి, అసలు చిక్కు ఉన్న చోట ఆగి చెబుతాను.

ఉదాహరణ ఒక్కటే తీసుకుందాం. 2.0 M సోడియం క్లోరైడ్ ద్రావణం 25 మి.లీ. ఉంది. దానికి 100 మి.లీ. నీరు కలిపాం. కొత్త మొలారిటీ ఎంత? కాగితం, కలం, కాలిక్యులేటర్ ఉంటే చాలు.

మొదటి మెట్టు: నీరు కలపకముందు మోల్‌లు

మొలారిటీని ఘనపరిమాణంతో గుణించండి. ఘనపరిమాణాన్ని లీటర్లలోకి మార్చవద్దు. మి.లీ.లోనే ఉంచి, జవాబును మిల్లీమోల్‌లలో తీసుకోండి. లీటరుకు ఒక మోల్ అన్నా, మి.లీ.కు ఒక మిల్లీమోల్ అన్నా ఒకటే. 0.025, 0.125 వంటి దశాంశాలతో గుణించేటప్పుడు చుక్క ఒక స్థానం అటూ ఇటూ జరిగిపోతుంది. 25తో, 125తో గుణిస్తే ఆ బెడద ఉండదు. నా దగ్గర నేర్చుకునేవారిని మరో పద్ధతిలో చేయనివ్వను.

25 × 2.0 = 50 మిల్లీమోల్‌లు. ఈ సంఖ్యను పేజీ పైన రాసి చుట్టూ గడి గీయండి. ఇది నీరు రాకముందు పుట్టిన సంఖ్య. లెక్క పూర్తయ్యేదాకా దీన్ని ఎవరూ మార్చకూడదు.

ఒక జాగ్రత్త. 25 మి.లీ.ను పెద్ద సీసాలోంచి తీసి ఉంటే, సీసాలో ఎంత ద్రావణం ఉందన్నది మనకు అనవసరం. అరలీటరు సీసాలో 1000 మిల్లీమోల్‌లు ఉండవచ్చు. మనం నీరు కలుపుతున్నది బయటికి తీసిన 25 మి.లీ.కే, అందులో ఉన్నవి 50 మాత్రమే.

రెండో మెట్టు: చివరి ఘనపరిమాణం

నిదానించవలసింది ఇక్కడ.

చాలామందికి M₁V₁ = M₂V₂ అనే సూత్రం కంఠస్థంగా వచ్చు. ప్రశ్నలో మూడు సంఖ్యలు కనిపిస్తాయి: 2.0, 25, 100. సూత్రంలో నాలుగు స్థానాలు ఉన్నాయి, మూడు సంఖ్యలు చేతిలో ఉన్నాయి. ఇంకేముంది, 100ను తీసుకెళ్లి V₂ దగ్గర కూర్చోబెడతారు. 2.0 × 25 ÷ 100 చేస్తే 0.50 M వస్తుంది.

తర్వాత సరిచూస్తారు. ముందు 50 మిల్లీమోల్‌లు. తర్వాత 0.50 × 100, అదీ 50. రెండూ సమానం. జవాబు కింద రెండు గీతలు గీసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు.

జవాబు తప్పు. అయినా మోల్‌లు ఎలా సరిపోయాయి? సరిపోక తప్పదు కాబట్టి సరిపోయాయి. 50ని 100తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ అదే 100తో గుణిస్తే 50 కాక మరేమి వస్తుంది? 100 బదులు 7 పెట్టినా, 9000 పెట్టినా 50 తిరిగి వస్తుంది. భాగహారం సరిగ్గా చేశామని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది. పాత్రలో ఉన్న ద్రావణం గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు.

మోల్‌లు మారవన్న నియమం పరీక్షగా పనికిరావాలంటే, సరిచూసేటప్పుడు వాడే ఘనపరిమాణం లెక్కలోంచి రాకూడదు, పాత్రలోంచి రావాలి. అందుకని నేను చేయించేది ఇది. జవాబు కట్టిన కాగితాన్ని బోర్లించండి. ప్రశ్నను మళ్లీ మొదటి నుంచి చదవండి. ఇప్పుడు ఒకే ఒక్క సంగతి అడగండి: అంతా అయ్యాక పాత్రలో మొత్తం ద్రవం ఎంత ఉంది? పాత్ర బొమ్మ గీయండి. అందులో ముందే 25 మి.లీ. ఉంది. పైన 100 మి.లీ. పోశాం. 25 మి.లీ. ఎక్కడికీ పోలేదు. మొత్తం 125 మి.లీ.

ఇప్పుడు కాగితం తిప్పి, మీ జవాబును ఈ 125తో గుణించండి. 0.50 × 125 = 62.5. గడిలో ఉన్నది 50. పన్నెండున్నర మిల్లీమోల్‌లు ఎక్కువ వచ్చాయి. సోడియం క్లోరైడ్ మోలార్ ద్రవ్యరాశి 58.44 గ్రాములు కాబట్టి అది సుమారు 0.73 గ్రాముల ఉప్పు. మనం పోసింది నీళ్లే. నీళ్లలోంచి ఉప్పు పుట్టదు. ఇలా తేడా చూపించగలిగినప్పుడే అది పరీక్ష అవుతుంది.

ఆ తేడా ఎక్కడిదో కూడా కనిపిస్తుంది చూడండి. 0.50 M ద్రావణం 25 మి.లీ.లో ఉండేది సరిగ్గా 12.5 మిల్లీమోల్‌లు. మనం మరచిపోయిన 25 మి.లీ. అంత తేడాగా బయటపడింది. అధిక మోల్‌లను మీ జవాబుతో భాగిస్తే మొదటి ఘనపరిమాణమే తిరిగి వచ్చిందంటే, పోసిన నీటిని మొత్తం ద్రావణంగా తీసుకున్నారన్నమాట. వేరే తప్పు కోసం వెతకనక్కరలేదు.

సరైన జవాబు 50 ÷ 125 = 0.40 M.

దీనికి తోడు ప్రశ్నలోని క్రియను చూడడం అలవాటు చేసుకోవాలి. ‘100 మి.లీ. నీరు కలిపారు’ అంటే మొత్తం 125. ‘100 మి.లీ. అయ్యేవరకు నీరు పోశారు’ అంటే మొత్తం 100, అప్పుడు 0.50 M సరైన జవాబే. అవే సంఖ్యలు, అదే ఉప్పు, మాట మారితే జవాబు మారుతుంది. నేను ‘వరకు’ అన్న మాట కనబడగానే దాని కింద గీత గీస్తాను. కనబడకపోతే మొదటి ఘనపరిమాణాన్ని కలుపుతాను.

సూత్రం మీద నాకు కోపం లేదు. అది చెప్పేది కూడా ముందు మోల్‌లు, తర్వాత మోల్‌లు సమానమనే. కానీ దాన్ని కంఠస్థం చేసినవారు గుణకారాల వెనక మోల్‌లు ఉన్నాయన్న సంగతే మరచిపోతారు. గడిలో 50 రాసుకున్నవారికి సూత్రంతో పనిలేదు: ఉన్న మోల్‌లను మొత్తం ద్రవానికి పంచడమే.

మూడో మెట్టు: పోల్చడం

0.40 × 125 = 50. గడిలో 50. సరిపోయింది.

ఒక్కోసారి సంఖ్యలు ఇంత నున్నగా రావు. 2.0 M ద్రావణం 20 మి.లీ. తీసుకుని 100 మి.లీ. నీరు కలిపితే 40 ÷ 120 = 0.3333 వస్తుంది. దాన్ని 0.33గా కుదించి 120తో గుణిస్తే 39.6 వస్తుంది. దానికి కంగారుపడవద్దు, ఒక శాతం తేడా సంఖ్యను కుదించడం వల్ల వచ్చింది. సరిచూసేటప్పుడు కుదించని సంఖ్యనే వాడండి, ఆ సందేహమే రాదు. 40కి బదులు 48 వచ్చిందంటే అది కుదింపు కాదు, ఘనపరిమాణం తప్పు. వెయ్యి రెట్లు తేడా వస్తే ఒకచోట లీటర్లు, మరొకచోట మి.లీ. వాడారని అర్థం.

ఈ పరీక్షకు ఉన్న హద్దులు

మోల్‌లు మారవన్నది ఎప్పుడూ నిజమే. ఘనపరిమాణాలు కూడితే మొత్తం వస్తుందన్నది మాత్రం ఎప్పుడూ నిజం కాదు. పలచని ఉప్పు ద్రావణాలకు 25 + 100 = 125 అనుకోవచ్చు. 50 మి.లీ. ఇథనాల్, 50 మి.లీ. నీరు కలిపితే మాత్రం 100 రాదు, సుమారు 96 లేదా 97 మి.లీ. వస్తుంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కూడా నీటితో కలిసినప్పుడు కుంచించుకుంటుంది, పైగా విపరీతంగా వేడెక్కుతుంది. అక్కడ ఆమ్లాన్నే నీటిలో కొద్దికొద్దిగా పోయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదు. అందుకే ప్రయోగశాలలో పోసిన నీటిని కొలవము. పిపెట్‌తో తీసిన ద్రావణాన్ని ముందే కొంత నీరు ఉన్న వాల్యూమెట్రిక్ ఫ్లాస్క్‌లో వేసి, గది ఉష్ణోగ్రతకు వచ్చాక గీత వరకు నీరు నింపుతాము. అప్పుడు చివరి ఘనపరిమాణాన్ని ఊహించనక్కరలేదు, ఫ్లాస్క్ మీదే రాసి ఉంటుంది.

ఇంకొక హద్దు బలహీన ఆమ్లాలది. 0.10 M ఎసిటిక్ ఆమ్లం 100 మి.లీ.ను ఒక లీటరుకు విలీనం చేస్తే మొత్తం ఆమ్లం 10 మిల్లీమోల్‌ల దగ్గరే ఉంటుంది. కానీ పీహెచ్ కొలిచి హైడ్రోజన్ అయాన్‌ల మోల్‌లు కడితే, సుమారు 0.13 మిల్లీమోల్‌లు ఉన్నవి 0.41 అయినట్లు కనిపిస్తాయి. లెక్క తప్పలేదు. నీరు పెరిగితే ఆమ్లంలో ఎక్కువ భాగం అయాన్‌లుగా విడిపోతుంది. కాబట్టి మార్పు లేకుండా ఉండవలసింది వేసిన మొత్తం పదార్థం, దానిలోంచి విడిపోయిన అయాన్ కాదు.

కాగితం మీద నమ్మకం కుదరకపోతే

మన ఉప్పు ద్రావణాన్ని నిజంగానే పరీక్షించవచ్చు. ముందుగా తూచిన పొడి పింగాణీ గిన్నెలో విలీన ద్రావణం 10 మి.లీ. పిపెట్‌తో వేసి, సన్నని మంట మీద నీరంతా ఆవిరి చేయండి. చివర్లో ఉప్పు చిటపటలాడి బయటికి చిందుతుంది, అందుకే గిన్నె మీద వాచ్‌గ్లాస్ మూత పెట్టాలి. చిందిన ఉప్పు ఎగిరిపోతే బరువు తక్కువ చూపిస్తుంది, పరీక్ష అంతా వృథా. గిన్నెను చల్లార్చి తూచండి, మళ్లీ వేడి చేసి మళ్లీ తూచండి, బరువు ఇక తగ్గనిదాకా.

ద్రావణం 0.40 M అయితే గిన్నెలో 0.234 గ్రాముల ఉప్పు మిగలాలి. 0.50 M అయితే 0.292 గ్రాములు. 0.01 గ్రాము చూపే త్రాసు కూడా ఈ తేడాను పట్టుకుంటుంది. మీ గిన్నెలో 0.23 కనిపిస్తే, 125తో కట్టిన లెక్కే పాత్రలో ఉన్నదాన్ని సరిగ్గా చెప్పింది.